పగలు తెలియని నొప్పి రాత్రి ఎందుకంత తెలుస్తుంది?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. ఎనిమిది నెలలుగా నడుం నొప్పి. స్కాన్ తీసి పెద్దగా ఏమీ లేదన్నారు. ఆఫీసులో పనిలో పడితే గంటలకొద్దీ నొప్పి గుర్తే రాదు, రాత్రి పడుకోగానే మొదలవుతుంది, మనసు బాగాలేని రోజు మరీ ఎక్కువ. పారాసిటమాల్ వేసుకుంటే పది నిమిషాలకే తగ్గినట్టుంటుంది. ఇదంతా చూసి మావారు “నీ నొప్పి ఒంట్లో లేదు, బుర్రలో ఉంది” అంటున్నారు. నాకూ అనుమానం మొదలైంది. నిజంగా నేను ఊహించుకుంటున్నానా?

సమాధానం:

లేదండీ, ఊహ కాదు. మీరు రాసిన మూడు విషయాల్లో ఏ ఒక్కటీ నొప్పి అబద్ధమని చెప్పే సాక్ష్యం కాదు. ఎముక విరిగినవాళ్లకీ, ఆపరేషన్ అయినవాళ్లకీ, పన్ను పీకించుకున్నవాళ్లకీ కూడా నొప్పి ఇలాగే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ధ్యాస మారితే నొప్పి మారుతోంది కాబట్టి అది ఒంట్లో లేదని మీవారు లెక్క వేసుకున్నారు, పొరపాటు అక్కడే జరిగింది. ధ్యాస వల్ల వచ్చే ఆ మార్పులో కొంత భాగం మెదడు దాకా పోకముందే, వెన్నుపాములోనే జరిగిపోతుంది. దాన్ని స్కానర్‌లో చూశారు కూడా. అదెలాగో కొంచెం ఓపిగ్గా చెబుతాను, ఎందుకంటే ఇది అర్థమైతే రాత్రిపూట ఏం చేస్తే పనికొస్తుందో, ఏది చేసినా దండగో మీకే తెలిసిపోతుంది.

నడుం దగ్గర కండరమో కీలో ఇబ్బంది పడినప్పుడు అక్కడి నరాల చివర్లు ఒక హెచ్చరిక పంపుతాయి. ఆ దశలో దాన్ని ఇంకా నొప్పి అనలేం, అదొక సంకేతం, అంతే. అది సన్నటి నాడీతంతువుల మీదుగా వెన్నుపాము వెనక భాగానికి చేరుతుంది, ఆ తంతువు పని అక్కడితో సరి. అక్కణ్ణుంచి మెదడుకు వెళ్లాలంటే మరో నాడీకణం ఆ సంకేతాన్ని అందుకుని పైకి పంపాలి. నడుము నుంచి మెదడు దాకా తెగకుండా సాగే ఒకే దారి ఉందని చాలామంది అనుకుంటారు గానీ, మధ్యలో ఇలా చేతులు మారే చోటు ఒకటుంది. మీ ప్రశ్నకు జవాబులో చాలా భాగం ఆ చోటులోనే ఉంది.

1965లో కెనడా మనస్తత్వ శాస్త్రవేత్త రొనాల్డ్ మెల్జాక్, బ్రిటిష్ నాడీశాస్త్రవేత్త పాట్రిక్ వాల్ కలిసి సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. దెబ్బ ఎంతో నొప్పి అంత అనే లెక్క అప్పటికి బాగా నాటుకుపోయి ఉంది. దానికి పొసగని అనుభవాలు డాక్టర్లకు రోజూ ఎదురవుతున్నా వివరించే దారి లేదు. వీళ్లు చెప్పిందేమిటంటే, వెన్నుపాములో ఆ చేతులు మారే చోట ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంది, అది కొంచెం, సగం, ముప్పాతిక ఇలా ఎంతైనా తెరుచుకోగలదు, అది ఎంత తెరిచి ఉందో దాన్నిబట్టే కింద నుంచి వచ్చిన సంకేతంలో ఎంత పైకి పోతుందో తేలుతుంది. ఆ గేటును కదిలించేవి మూడు. నొప్పి సంకేతం ఎంత గట్టిగా వస్తోంది, అదే చోటు నుంచి మామూలు స్పర్శ సంకేతాలు ఎన్ని వస్తున్నాయి, పైనుంచి మెదడు ఏం చెబుతోంది. ఈ మూడూ కలిసి తేల్చిందే చివరికి మనకు తెలిసే నొప్పి.

స్పర్శ సంగతి ముందు చూద్దాం, అది అందరికీ అనుభవమే. కాలివేలు గుమ్మానికి గట్టిగా తగిలితే ఎవరూ నేర్పకుండానే చెయ్యి అక్కడికి పోయి రుద్దేస్తుంది, రుద్దితే నిజంగానే కాస్త తగ్గుతుంది. స్పర్శను మోసే తంతువులు లావుగా, చుట్టూ కొవ్వు పొరతో ఉంటాయి, వాటిలో సంకేతం సెకనుకు 35 నుంచి 75 మీటర్ల దాకా పోతుంది. సలిపే నొప్పిని మోసే సి తంతువులు సన్నగా, పొర లేకుండా ఉంటాయి, వాటిలో వేగం సెకనుకు అర మీటరు నుంచి రెండు మీటర్లే. వేలు తగిలిన సంగతి వెంటనే తెలిసి, ఆ తర్వాత ఒక క్షణం ఆగి అసలు సలుపు మొదలయ్యేది ఇందుకే. రుద్దినప్పుడు లావు తంతువుల నుంచి వచ్చే సంకేతాలు వెన్నుపాములోని చిన్న చిన్న నిరోధక కణాలను మేల్కొలుపుతాయి, అవి నొప్పిని పైకి పంపే కణాన్ని అణుస్తాయి. వాల్, న్యూరోసర్జన్ విలియం స్వీట్ 1967లో దీన్ని మనుషుల్లోనే పరీక్షించారు. నరాల నొప్పితో బాధపడుతున్న కొందరికి ఆ లావు తంతువులను చిన్నపాటి కరెంటుతో కదిలిస్తే నొప్పి తాత్కాలికంగా తగ్గింది. ఇప్పుడు ఫిజియోథెరపీలో వాడే టెన్స్ మెషీన్ వెనక ఉన్న ఆలోచన ఇదే.

మీకు ఇంకా ముఖ్యమైంది పైనుంచి కిందికి వచ్చే దారి. 1965 వ్యాసంలోని బొమ్మలో అది దాదాపుగా ఒక బాణం గుర్తు మాత్రమే. దాని వెనక ఉన్న నిర్మాణం తర్వాతి ఏళ్లలో బయటపడింది. 1969లో డేవిడ్ రేనాల్డ్స్ అనే శాస్త్రవేత్త ఎలుకల మధ్యమెదడులో పెరిఅక్విడక్టల్ గ్రే అనే చిన్న ప్రాంతానికి సన్నటి కరెంటు ఇచ్చి, మత్తుమందు లేకుండా వాటికి పొట్ట ఆపరేషన్ చేయగలిగాడు. ఆ ప్రాంతం నుంచి మెదడు కాండం మీదుగా వెన్నుపాములోని గేటు దాకా ఒక దారి ఉంది. అందులో సెరటోనిన్, నారడ్రినలిన్ అనే రసాయనాలతో పాటు మన ఒంట్లోనే తయారయ్యే మార్ఫిన్ లాంటి పదార్థాలు పనిచేస్తాయి. అలాంటివి ఉన్నాయని 1975లో అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ చూపించారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి, దీన్ని చాలామంది వదిలేస్తారు. ఈ దారి గేటును మూయడానికి మాత్రమే కాదు, తెరవడానికీ పనికొస్తుంది. మెదడు కాండంలో నొప్పిని తగ్గించే కణాలున్నట్టే పెంచే కణాలూ ఉన్నాయి. ఒంట్లో ఏదో చోటు ప్రమాదంలో ఉందని మెదడు నమ్మితే అక్కణ్ణుంచి వచ్చే ప్రతి చిన్న సంకేతాన్నీ పైకి రప్పించుకుంటుంది.

ఇక ధ్యాస. పనిలో మునిగినప్పుడు నొప్పి పైదాకా వచ్చి, మనం పట్టించుకోకపోవడం వల్ల తెలియలేదని అనుకుంటాం. అదే నిజమైతే వెన్నుపాములో ఏ తేడా కనిపించకూడదు. 2012లో జర్మనీ హాంబర్గ్‌లో క్రిస్టియన్ స్ప్రెంగర్ బృందం సరిగ్గా దీన్నే పరీక్షించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల చేతి మీద నొప్పి పుట్టేంత వేడి పెడుతూ, తెర మీద వరసగా వచ్చే అక్షరాలను గుర్తుపెట్టుకునే పని ఇచ్చారు, కాసేపు తేలికది, కాసేపు కష్టమైనది. వేడిలో తేడా లేదు. కష్టమైన పని చేస్తున్నప్పుడు నొప్పి తక్కువగా ఉందన్నారు, అది ఊహించిందే. విశేషం ఏమిటంటే ఆ సమయంలో వెన్నుపాములో, చేతి నుంచి వచ్చిన సంకేతం చేతులు మారే చోటే, స్పందన తగ్గినట్టు స్కాన్‌లో కనబడింది. ఆ తర్వాత మార్ఫిన్ లాంటి పదార్థాలను అడ్డుకునే నాలొక్సోన్ ఇచ్చి చూస్తే, ధ్యాస మళ్లించడం వల్ల దొరికే ఉపశమనం బాగా తగ్గింది. అంటే మీరు ఆఫీసులో లెక్కలో రిపోర్టులో చూస్తూ కూర్చున్నప్పుడు మీ నడుం నుంచి వచ్చే సంకేతంలో కొంత అసలు పైకే రావడం లేదు. మీరు నొప్పిని మర్చిపోతున్నారనడం కన్నా, ఆ గంటల్లో మీకు నొప్పి నిజంగానే తక్కువగా ఉందనడం సరైన మాట.

ఇక్కడ ఒక షరతుంది. ఆ ప్రయోగంలో తేలికైన పని అంతగా పనిచేయలేదు, కష్టమైనదే పనిచేసింది. రాత్రి పడుకుని ఫోన్‌లో ఏవో వీడియోలు వరసగా తోసేస్తూ ఉంటే నొప్పి తగ్గడం లేదని చాలామంది అంటారు. తగ్గకపోవడంలో వింతేమీ లేదు, దానికి బుర్ర పెట్టాల్సిన అవసరమే లేదు, ధ్యాసలో పెద్ద భాగం నడుం దగ్గరే ఉండిపోతుంది. అలాగే “నొప్పి గురించి ఆలోచించకు” అని తనకు తాను చెప్పుకోవడం కూడా ధ్యాస మళ్లించడం కిందకి రాదు, ఆ మాట అనుకోవాలంటే ముందు నొప్పి ఉందో లేదో తడిమి చూసుకోవాలి కదా.

మీ మాత్ర సంగతికొద్దాం. మామూలు పారాసిటమాల్ మాత్ర నోట్లో వేసుకున్నాక పనిచేయడం మొదలవడానికి దాదాపు అరగంట పడుతుంది. పదో నిమిషంలో మీకు వచ్చిన ఉపశమనం మందుది కాదు, ఇక తగ్గుతుందన్న మీ నమ్మకానిది. ఈ మాట చదివి చిన్నబుచ్చుకోకండి, ఎందుకంటే నమ్మకం ఎంత పని చేయగలదో చూపించిన ఒక ప్రయోగం ఉంది, నొప్పి మీద నేను చదివినవాటిలో నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తుండిపోయింది అదే. ఉల్రికే బింగెల్ బృందం దాన్ని 2011లో ప్రచురించింది. 22 మంది ఆరోగ్యవంతుల కాలిపిక్క మీద వేడి పెట్టి, నొప్పి ఎంతుందో సున్నా నుంచి 100 దాకా చెప్పమన్నారు. మొదట్లో సగటు 66. తర్వాత వాళ్లకు చెప్పకుండానే సెలైన్‌లో రెమిఫెంటానిల్ అనే బలమైన నొప్పి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. నొప్పి 55కి దిగింది, ఆ తగ్గుదల అచ్చంగా మందుది. తర్వాత “ఇప్పుడు మందు మొదలుపెడుతున్నాం” అని చెప్పారు, మందు మోతాదు మాత్రం మార్చలేదు. నొప్పి 39కి పడిపోయింది. చివరగా “మందు ఆపేశాం, నొప్పి పెరగొచ్చు” అన్నారు, నిజానికి మందు అంతే వేగంతో ఎక్కుతూనే ఉంది. నొప్పి 64కి ఎగబాకింది. అంత బలమైన మందు నరంలో ఉండగానే, ఒక్క మాటతో దాని ప్రభావం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది.

ఈ నమ్మకం కూడా గాల్లో పనిచేయదు. 1978లో జాన్ లెవీన్, న్యూటన్ గోర్డన్, హోవర్డ్ ఫీల్డ్స్ జ్ఞానదంతం తీయించుకున్నవాళ్ల మీద చేసిన అధ్యయనంలో, ఉత్తుత్తి మందుతో నొప్పి తగ్గినవాళ్లకి నాలొక్సోన్ ఇస్తే నొప్పి మళ్లీ పెరిగింది. మందు ఉత్తుత్తిదే గానీ ఉపశమనం ఉత్తుత్తిది కాదు, ఒంట్లోని మార్ఫిన్ లాంటి పదార్థాలు నిజంగానే విడుదలయ్యాయని దాన్నిబట్టి అర్థమైంది. 2009లో హాంబర్గ్‌లోనే మరో బృందం, ఇలాంటి నమ్మకం వల్ల వెన్నుపాములోని స్పందన తగ్గడాన్ని స్కాన్‌లో చూసింది. ధ్యాసకీ నమ్మకానికీ కొంతవరకు ఒకే దారి అన్నమాట. అయితే నమ్మకం పుండును మాన్పదు, వాపును కరిగించదు, అది తగ్గించేది నొప్పిని మాత్రమే. పది నిమిషాలకే హాయిగా ఉంది కదా అని అసలు సమస్యను చూపించుకోకుండా వదిలేయకూడదు, రాత్రి ఆ హాయి మళ్లీ రావాలని మాత్రలు పెంచనూ కూడదు.

మనసు బాగాలేని రోజుల సంగతి కాస్త వేరు. రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీలోని ఆంజియో దగ్గర పనిచేసిన అమెరికన్ డాక్టర్ హెన్రీ బీచర్, తీవ్రంగా గాయపడిన సైనికులను నొప్పి మందు కావాలా అని అడుగుతూ వెళ్లాడు. 1946లో ఆయన రాసిన వ్యాసం ప్రకారం కావాలన్నది దాదాపు నాలుగో వంతు మందే. వాళ్లేమీ మొద్దుబారిపోయి లేరు, నరానికి సూది సరిగ్గా గుచ్చకపోతే అందరిలాగే గట్టిగా అరిచేవారని కూడా ఆయనే రాశాడు. ఆపరేషన్ చేయించుకున్న మామూలు మనుషులు అంతకన్నా చిన్న గాయాలకే ఎక్కువగా మందు అడిగారు. బీచర్ అభిప్రాయం ఏమిటంటే సైనికుడికి ఆ గాయం యుద్ధం నుంచి బతికి బయటపడ్డాననే కబురు, మామూలు మనిషికి అది బతుకు తారుమారవుతుందనే భయం. యుద్ధభూమిలో పనిచేసే కారణాలు ఇంకా చాలా ఉంటాయి కాబట్టి ఇదొక్కటే వివరణ అని నేననను, కానీ గాయానికి మనం ఇచ్చుకునే అర్థం నొప్పిని మారుస్తుందన్న ఆయన మాట తర్వాత చాలాసార్లు రుజువైంది.

మనఃస్థితి విషయంలో కేథరిన్ బుష్నెల్, షాంటాల్ విల్మూర్ వాళ్ల పని నాకు బాగా ఉపయోగపడింది. మంచి వాసన, చెడ్డ వాసన చూపిస్తూ నొప్పి పెట్టి, 2003లో వాళ్లు చూపించిందేమిటంటే ధ్యాస ఎటుందో దాన్నిబట్టి ప్రధానంగా నొప్పి తీవ్రత మారుతుంది, మనసు ఎలా ఉందో దాన్నిబట్టి ఆ నొప్పి ఎంత భరించలేనట్టు ఉందనేది మారుతుంది. ఈ రెండూ ఒకటి కాదు. మీరే గమనించండి, మనసు బాగాలేని రోజు నడుములో పోటు నిజంగా పెరుగుతోందా, లేక పోటు అంతే ఉండి “ఇక నావల్ల కాదు” అన్నది పెరుగుతోందా? రెండోదైతే ఆ రోజు చేయాల్సింది నడుముకు కాదు. ఇంకో తేడా కూడా ఉంది. ఎదురుగా ప్రమాదం ఉన్నప్పుడు వచ్చే గట్టి భయం నొప్పిని అణిచేస్తుంది, ఏమవుతుందో ఏమో అని మెల్లగా సాగే టెన్షన్ పెంచుతుంది. స్కాన్‌లో ఏమీ లేదంటే మరి ఎందుకు నొప్పి, ఇంకేదైనా పెద్ద జబ్బా అని మీరు రాత్రుళ్లు తిప్పుకునే ఆలోచన ఈ రెండో రకం.

ఇప్పుడు మీ ఒక్క రోజును తీసుకుని చూద్దాం. మధ్యాహ్నం మూడింటికి మీ నడుములో ఎంత ఇబ్బంది ఉందో రాత్రి పదిన్నరకీ ఇంచుమించు అంతే ఉంది అనుకుందాం. మూడింటికి మీరు లేస్తున్నారు, కూర్చుంటున్నారు, నడుస్తున్నారు, కండరాల నుంచీ చర్మం నుంచీ లావు తంతువుల్లో సంకేతాలు పోతూనే ఉన్నాయి. బుర్ర పనిలో ఉంది. నొప్పి వస్తుందని ఎదురుచూడటం లేదు. రాత్రి పదిన్నరకి లైటు ఆరిపోయింది, ఒళ్లు కదలడం లేదు, స్పర్శ సంకేతాలు పలచబడ్డాయి, ధ్యాస పెట్టడానికి ఇంకేమీ లేదు, ఎనిమిది నెలల అలవాటు వల్ల ఈ మంచం మీద ఈ వేళకి నొప్పి వస్తుందని మెదడు ముందే సిద్ధమై ఉంది, పైగా రేపెలా అన్న దిగులు. కింద మార్పేమీ లేకపోయినా గేటును తెరిచేవి నాలుగు ఒకేసారి కలిశాయి. అందుకే అదే నడుము పగలు ఒకలా, రాత్రి ఒకలా ఉంటుంది.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. “అంతే ఉంది అనుకుందాం” అన్నాను చూశారా, అది అన్నివేళలా నిజం కాకపోవచ్చు. మీ వయసులో, పగలు కదులుతుంటే తగ్గి రాత్రి పెరిగే నడుం నొప్పికి వెన్ను కీళ్ల వాపు కూడా కారణం కావచ్చు, ఆ జబ్బు సాధారణంగా 45 ఏళ్లలోపే మొదలవుతుంది, తొలి దశలో మామూలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. తేడా ఇలా పట్టుకోవచ్చు. పడుకుని నిద్ర పట్టేదాకా బాధపెట్టి, నిద్ర పట్టాక తెల్లారేదాకా లేపని నొప్పి ఒక రకం. రాత్రి రెండో సగంలో నిద్రలోంచి లేపేది, లేచి నాలుగడుగులు వేస్తే తగ్గేది, పొద్దున్నే అరగంటకు పైగా నడుము బిగుసుకుపోయి ఉండేది ఇంకో రకం. రెండో రకమైతే కీళ్ల జబ్బులు చూసే రుమటాలజిస్టుకు చూపించుకోండి. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎలా పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే ఆలస్యం చేయొద్దు. కాలిలో బలం తగ్గినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. గేటు సిద్ధాంతం పేరు చెప్పి ఇలాంటివాటిని మనసు మీదకు తోసేయడం నేరం కిందే లెక్క.

సిద్ధాంతానికీ కొన్ని హద్దులున్నాయి. 1965లో వాళ్లు గీసిన నాడుల అమరిక వివరాల్లో కొన్ని తర్వాత తప్పని తేలాయి, ముఖ్యంగా సన్నటి తంతువులు ఆ నిరోధక కణాలను అణిచేస్తాయన్న భాగం నిలబడలేదు. గేటు ఒకే చోట ఉండదు, మెదడులోనూ వడపోత జరుగుతుంది. తీసేసిన కాలులో నొప్పి రావడాన్ని ఇది సరిగ్గా వివరించలేకపోయింది, మెల్జాక్ తర్వాతి కాలంలో మెదడు మీదే ఎక్కువగా పనిచేయడానికి అదొక కారణం. నిలబడిందల్లా అసలు ఆలోచన: నొప్పి సంకేతం వెన్నుపాములోనే సవరణకు గురవుతుంది, ఆ సవరణలో మెదడుకీ చెయ్యి ఉంది.

రాత్రికి ఏం చేయాలో చెబుతాను. పడుకునే ముందు నడుం మీద వెచ్చటి కాపడం, పది నిమిషాలు అరచేత్తో నెమ్మదిగా రాయడం, కాసేపు మోకాళ్లు ముడిచి అటూ ఇటూ కదపడం, ఇవన్నీ పలచబడిన స్పర్శ సంకేతాలను మళ్లీ పెంచుతాయి. రుద్దేటప్పుడు ఒకటి గమనించండి. మెత్తగా తాకినా, బట్ట రాసుకున్నా నొప్పి పుడుతోందంటే వెన్నుపాము అతిగా స్పందిస్తోందని అర్థం, అప్పుడు స్పర్శ కూడా నొప్పిగానే మారుతుంది, రుద్దడం ఆపేసి ఆ మాట డాక్టరుకు చెప్పాలి. టెన్స్ మెషీన్ కొనాలా అని అడిగేవాళ్లున్నారు. పెట్టుకున్నంతసేపూ కొందరికి హాయిగా ఉంటుంది, కానీ దీర్ఘకాలపు నడుం నొప్పికి అది నిలకడగా పనిచేస్తుందనడానికి గట్టి ఆధారాలు లేవు, కాబట్టి ముందు ఫిజియోథెరపిస్టు దగ్గర వాడి చూసి నిర్ణయించుకోండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా వాడకూడదు.

ధ్యాసకు బుర్రను పూర్తిగా పట్టి ఉంచే పని కావాలి. చీకట్లో పడుకుని చేయగలిగినదై ఉండాలి. వంద నుంచి ఏడేసి చొప్పున వెనక్కి లెక్కపెట్టడం, బాగా తెలిసిన కథను చివరి నుంచి మొదటికి గుర్తు చేసుకోవడం, కొత్త భాష పాఠం విని ప్రతి వాక్యాన్నీ మనసులో తిరిగి చెప్పుకోవడం, ఏదో ఒకటి. దీని ప్రభావం పని సాగినంతసేపే ఉంటుంది, ఆపగానే నొప్పి తిరిగి రావచ్చు, అది విఫలమైనట్టు కాదు. మీకు కావాల్సింది నిద్రలోకి జారేదాకా ఆ కాస్త సమయం.

నొప్పి ఎంతుందో గంటగంటకూ రాసుకునే అలవాటుంటే మానేయండి, అది ధ్యాసను మళ్లీ మళ్లీ నడుము దగ్గరికే తీసుకెళ్తుంది. పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి, ఎంత నొప్పి అని ఒక అంకె, ఎంత బాధపెట్టింది అని ఇంకో అంకె, అంతే. రెండు వారాలు రాస్తే ఈ రెండిట్లో ఏది దేనితో పెరుగుతోందో తెలుస్తుంది, డాక్టరుకు చూపించడానికీ పనికొస్తుంది.

మీవారికి ఈ ఉత్తరం చూపించండి. నొప్పి బుర్రలో ఉందనే మాట మిమ్మల్ని అనుమానంలోకి నెడుతుంది, అనుమానం టెన్షన్ పెంచుతుంది, టెన్షన్ గేటు తెరుస్తుంది. అలాగని “ఇప్పుడెలా ఉంది, తగ్గిందా” అని అస్తమానం అడిగినా నష్టమే, అడిగిన ప్రతిసారీ మీరు నడుమును వెతుక్కోవాల్సి వస్తుంది. ఆయన అడగడం మానేసి, రాత్రి ఆ పది నిమిషాలు నడుము రుద్దడం తన పనిగా పెట్టుకుంటే చాలా మేలు.

వీటితో రెండు మూడు నెలలకీ తేడా కనబడకపోతే డాక్టరు మీకు డులాక్సెటిన్ లాంటి మందు రాయొచ్చు. చీటీ మీద అది డిప్రెషన్ మందని చూసి, వీళ్లు కూడా నాది మానసికమే అంటున్నారని మనసు కష్టపెట్టుకోకండి. అది సెరటోనిన్, నారడ్రినలిన్ ఎక్కువసేపు నిలిచి ఉండేలా చేస్తుంది, పైనుంచి కిందికి గేటును మూసే దారిలో పనిచేసేవి అవేనని చెప్పాను కదా, డిప్రెషన్ లేనివాళ్లకీ నొప్పి కోసమే ఇస్తారు. అందరికీ పనిచేయదు, పనిచేస్తోందా లేదా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో వికారం ఉండొచ్చు, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకూడదు.